వానాకాలంలో తలుపు ఎందుకు పట్టేస్తుంది?

చెక్క తలుపు వానాకాలంలో గుమ్మానికి పట్టేయడానికి వాన చినుకులే తగలనక్కర్లేదు. ఇంటి నడిమధ్య గదిలో, చుక్క నీరు తాకని తలుపు కూడా ఆగస్టు వచ్చేసరికి భుజంతో నెడితే గానీ తెరుచుకోదు. గాలిలో తేమ పెరిగినప్పుడు చెక్క దాన్ని పీల్చుకుంటుంది, తగ్గినప్పుడు వదిలేస్తుంది. చెట్టు కొట్టి యాభై ఏళ్ళయినా ఈ గుణం పోదు. నూజివీడు ప్రాంతంలో ఏడాది పొడవునా ఈ రాకపోకలు బాగా కనిపిస్తాయి. రసాలు, బంగినపల్లి కోతలు జోరుగా సాగే మే నెలలో పడమటి వడగాలికి మధ్యాహ్నం గాలి ఎండిపోయి ఉంటుంది. మృగశిర కార్తె దాటి నైరుతి రుతుపవనాలు నిలదొక్కుకున్నాక, ముసురు పట్టిన రోజుల్లో గాలిలో తేమ రాత్రీపగలూ ఎనభై శాతం పైనే నిలుస్తుంది. ఈ రెండు స్థితుల మధ్య తలుపు వెడల్పు నిజంగానే మారుతుంది. స్కేలు పెట్టి కొలిస్తే మిల్లీమీటర్లలో తేడా తెలుస్తుంది.

చెక్కను కట్టగట్టిన వరిగడ్డి పరకల్లా ఊహించుకోవచ్చు. సన్నటి గొట్టాలలాంటి కణాలు చెట్టు పొడవునా నిలువుగా, పక్కపక్కనే అంటుకుని ఉంటాయి. గొట్టం మధ్య ఖాళీలో ఉండే నీరు వేరు, గొట్టం గోడలోకి ఇంకిన నీరు వేరు. పచ్చి దుంగ ఎండేటప్పుడు ముందుగా ఖాళీల్లోని నీరు పోతుంది. అప్పుడు బరువు తగ్గుతుందే గానీ కొలత మారదు. చెక్క పొడి బరువులో సుమారు 28 నుంచి 30 శాతం తేమ మిగిలేసరికి ఖాళీలు వట్టిపోయి, గోడల్లోని నీరే మిగులుతుంది. అక్కడి నుంచి ఎండిన కొద్దీ చెక్క కుంచించుకుపోతుంది. గోడలు ప్రధానంగా సెల్యులోజ్ పోగులతో అల్లినవి. నీటి అణువులను ఆకర్షించే హైడ్రాక్సిల్ గుంపులు ఆ పోగుల మీద, వాటి మధ్యనున్న పదార్థంలో దండిగా ఉంటాయి. తేమ వచ్చినప్పుడు నీటి అణువులు పోగుల మధ్య దూరి వాటిని పక్కలకు నెడతాయి. పోగులు దాదాపు నిలువుగానే పేర్చి ఉండడం వల్ల చెక్క పక్కలకు ఉబ్బుతుంది, పొడవులో మాత్రం దాదాపు కదలదు.

ఈ ఒక్క విషయం గుర్తుంటే తలుపు ప్రవర్తన చాలావరకు అర్థమవుతుంది. పచ్చి స్థితి నుంచి పూర్తిగా ఎండేవరకు చెక్క పొడవులో తగ్గేది సాధారణంగా 0.1 నుంచి 0.2 శాతమే. అడ్డంగా తగ్గేది అంతకు ఎన్నో రెట్లు, పైగా అన్ని వైపులా ఒకేలా ఉండదు. దుంగ కేంద్రం నుంచి బెరడు వైపు చూస్తే కదలిక తక్కువ. వలయాల వెంబడి, అంటే చుట్టుకొలత దిశలో చూస్తే దాదాపు రెట్టింపు. మామిడి కర్రకు ఈ రెండూ సుమారు మూడున్నర శాతం, ఐదున్నర శాతం. టేకుకు సుమారు రెండున్నర శాతం, ఐదు పైచిలుకు శాతం.

ఈ అంకెల్లో ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. టేకు తలుపు ఉబ్బదని గట్టి నమ్మకం. కానీ వలయాల వెంబడి చూస్తే టేకుకూ మామిడికీ పెద్ద తేడా లేదు. టేకుకున్న మంచి పేరు దాని చేవలోని నూనెల వల్ల వచ్చింది. అవి తేమను నెమ్మదిగా రానిస్తాయి, చెదను దూరంగా ఉంచుతాయి. మామిడికి ఆ రక్షణ లేదు. పురుగు త్వరగా పడుతుంది, తేమ సులువుగా లోపలికి వెళుతుంది. అయినా కాపు తగ్గిన ముసలి చెట్లను కొట్టినప్పుడు వచ్చే కర్ర చవకగా, దగ్గర్లోనే దొరుకుతుంది కాబట్టి తోటల్లోని కాపలా ఇళ్ళకు, పశువుల పాకలకు, లోపలి గదులకు మామిడి తలుపులు వేస్తుంటారు. చెట్టు జాతి ఏమిటో చూసినంత శ్రద్ధగా, పలకను ఏ వైపు నుంచి కోశారో కూడా చూడాలి. దుంగను నిలువునా వరసగా పలకలుగా కోసుకుంటూ పోతే ఎక్కువ పలకలు చుట్టుకొలత దిశలో వెడల్పుగా వస్తాయి. ముఖం మీద కమానుల ఆకారంలో చారలు కనిపిస్తే అలాంటి పలకే. చారలు నిటారుగా, సమాంతరంగా ఉంటే కేంద్రం దిశలో కోసిన పలక. అది ఉబ్బేది తక్కువ. అలా కోసిన మామిడి పలక, కమాను చారలున్న టేకు పలక కంటే తక్కువ కదులుతుంది. కాకపోతే ఆ కోతలో వృథా ఎక్కువ, అందుకే మిల్లులు ఇష్టపడవు.

చెక్క ఎంత తేమ పట్టుకుంటుందనేది చుట్టూ ఉన్న గాలి నిర్ణయిస్తుంది. ముప్పై డిగ్రీల వేడిలో గాలి తేమ 50 శాతం దగ్గర చాలాకాలం నిలిస్తే చెక్కలో తేమ దాదాపు 9 శాతం దగ్గర స్థిరపడుతుంది. 80 శాతం దగ్గర నిలిస్తే 15 శాతం దాటుతుంది. 90 శాతం అయితే 20కి చేరుతుంది. తెల్లవారుజాము మంచుకో, మధ్యాహ్నపు ఎండకో మందమైన తలుపు వెంటనే స్పందించదు. పైపొర మాత్రం కాస్త మారుతుంది. లోపలి భాగం మారడానికి వారాలు పడుతుంది. అందుకే జూన్ తొలి జల్లుకు పట్టేయని తలుపు ఆగస్టుకు పట్టేస్తుంది, వానలు తగ్గాక కూడా కొన్నాళ్ళు వదలదు.

ఇక లెక్క చూద్దాం. మూడడుగుల వెడల్పున్న తలుపు, అంటే సుమారు 900 మిల్లీమీటర్లు. మే నెలలో దాని తేమ 9 శాతం, ఆగస్టు చివరికి 15 శాతం అనుకుంటే తేడా 6. కమాను చారల కర్రలో తేమ ఒక శాతం పెరిగితే వెడల్పు సుమారు 0.18 శాతం పెరుగుతుంది. ఆరు శాతానికి అది 1.1 శాతం దాకా వస్తుంది. తలుపు మొత్తం నిలువు పలకలను సందు లేకుండా అంటించి చేసినదైతే 900 మిల్లీమీటర్లకు దాదాపు 10 మిల్లీమీటర్లు, అంటే ఒక సెంటీమీటరు పెరగాలి. ఏ గుమ్మంలోనూ అంత సందు వదలరు. అలాంటి తలుపు పట్టేయడమే కాదు, ఒక్కోసారి గుమ్మాన్నే నెట్టి గోడ పూతను పగలగొడుతుంది.

వడ్రంగులు ప్యానెల్ తలుపు చేయడం వెనక ఉన్న తెలివి ఇక్కడే తెలుస్తుంది. అందులో రెండు నిలువు పట్టీలు, వాటి మధ్య అడ్డ పట్టీలు, ఖాళీల్లో పలకలు ఉంటాయి. అడ్డ పట్టీల పొడవు తలుపు వెడల్పు దిశలోనే ఉంటుంది, పొడవులో చెక్క కదలదు కాబట్టి అవి తలుపును వెడల్పు చేయవు. మధ్యలోని పలకలను గాడిలో కూర్చోబెడతారు తప్ప అంటించరు. అవి ఉబ్బితే గాడిలోకి జరుగుతాయి. కాబట్టి తలుపు వెడల్పులో పెరిగేది రెండు నిలువు పట్టీల మేరకే. ఒక్కొక్కటి 100 మిల్లీమీటర్లయితే మొత్తం 200కి 1.1 శాతం, అంటే రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. కానీ ఇంకొకటి మర్చిపోతుంటారు. గుమ్మం నిలువులు కూడా చెక్కే. వాటి వెనక గోడ, సిమెంటు ఉంటాయి గనుక అటు జరగలేక ఉబ్బంతా తలుపు వైపుకే వస్తుంది. 75 మిల్లీమీటర్ల నిలువు ఒక్కోటి ముప్పాతిక మిల్లీమీటరు పైన లోపలికి వస్తే, రెండూ కలిపి ఒకటిన్నర దాకా అవుతుంది. అలా మొత్తం దాదాపు నాలుగు మిల్లీమీటర్లు. ఎండాకాలంలో రెండు పక్కలా రెండేసి మిల్లీమీటర్లు వదిలి బిగించిన తలుపుకు ఆగస్టులో ఏమీ మిగలదు. రంగు మీద రంగు వేసుకుంటూ పోయిన పాత ఇంటి తలుపుకైతే ఆ పొరల మందమే కొంత సందును తినేసి ఉంటుంది.

తలుపులు బిగించే కాలం కూడా ఈ లెక్కలో భాగమే. వేసవిలో గృహప్రవేశాలు ఎక్కువ. మే నెలలో ఎండిన తలుపును, చూడ్డానికి అందంగా ఉంటుందని ఇంటివాళ్ళు అడిగినంత బిగువుగా అమర్చితే శ్రావణానికి పట్టేస్తుంది. అదే తలుపును వానల్లో బిగిస్తే ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు చాలు, ఎండాకాలంలో అది దానంతటదే పెరుగుతుంది. తేడా తెలిసిన వడ్రంగి వేసవిలో గడియ వైపు మూడు మిల్లీమీటర్లకు తగ్గకుండా వదులుతాడు. సందు ఎక్కువైందని ఇంటివాళ్ళు సణిగితే ఆగస్టు దాకా ఆగమనడమే సరైన జవాబు.

కర్ర సరిగా ఆరలేదంటే ఏ లెక్కా నిలవదు. తలుపులు, కిటికీలకు వాడే కర్రలో ఎంత తేమ ఉండవచ్చో భారత ప్రమాణాల సంస్థ తన ఐఎస్ 287లో దేశాన్ని గాలి తేమను బట్టి నాలుగు మండలాలుగా విభజించి చెప్పింది. 50 మిల్లీమీటర్ల కంటే సన్నని కర్రకు, పొడి మండలం నుంచి తేమ మండలం దాకా వరసగా 8, 10, 12, 14 శాతం. అంతకంటే లావు కర్రకు ఒక్కోదానికి రెండేసి ఎక్కువ. కలప అడితిలో కొన్న కర్ర ఎంత ఆరిందో తెలుసుకోవడానికి మీటరు లేకపోయినా పర్వాలేదు. కొన నుంచి ఒక అడుగు లోపల చిన్న ముక్క కోసి వెంటనే తూచాలి. దాన్ని 100 డిగ్రీల పైచిలుకు వేడిలో బరువు ఇక తగ్గనంతవరకు ఆరబెట్టి మళ్ళీ తూచాలి. 57.5 గ్రాముల ముక్క 50 గ్రాములకు దిగితే పోయిన నీరు 7.5 గ్రాములు. దాన్ని 50తో భాగిస్తే 15 శాతం. నూజివీడు వీణల తయారీదారులు పనస కర్రను బాగా ఆరనిచ్చి గానీ తొలవడం మొదలుపెట్టరు. వీణ బుర్రకు పగులొస్తే నాదం పోతుంది కాబట్టి వాళ్ళు ఆగుతారు. తలుపు విషయంలో మాత్రం అందరికీ తొందరే.

పట్టేసిన ప్రతి తలుపూ ఉబ్బిందని అనుకోకూడదు. చిత్రిక పట్టే ముందు కారణం తేల్చుకోవాలి. ఉబ్బిన తలుపు గడియ వైపు అంచు పొడవునా, ఎక్కువచోట్ల రాచుకుంటుంది, వేసవిలో సడలుతుంది. పై మూల గడియ వైపున రాచుకుంటూ, కింద గచ్చు మీద ఈడుస్తూ, పై బందు దగ్గర సందు వెడల్పయితే అది బందు మరలు వదులై తలుపు వాలిపోవడం. తలుపు ఎత్తు నిలువు పట్టీల పొడవే గనుక తేమకు దాదాపు పెరగదు. రెండు మీటర్ల పైన ఉన్న తలుపుకు ఆరు శాతం తేమ తేడాతో వచ్చే పెరుగుదల ఒక మిల్లీమీటరు కంటే తక్కువ. కాబట్టి కింద గచ్చుకు తగిలే తలుపుకు చాలావరకు బందులే కారణం. వాటి మరలు బిగించకుండా అడుగున కోస్తే అనవసరంగా కర్ర పోతుంది. ఎక్కడ రాచుకుంటుందో తెలియాలంటే తలుపుకూ గుమ్మానికీ మధ్య కార్బన్ కాగితం, నల్లవైపు తలుపుకు తగిలేలా పెట్టి ఒకసారి గట్టిగా మూసి తీయాలి. నల్లబడ్డ చోటే తగులుతోంది.

తగులు కొద్దిగా ఉంటే, ముసురు నడుస్తుండగా చిత్రిక జోలికి వెళ్ళకపోవడమే మంచిది. అంచు మీద కొవ్వొత్తి బాగా రుద్దితే రాపిడి తగ్గి తలుపు కదులుతుంది. ఆగస్టులో సాఫీగా తిరిగేలా కోసేసిన తలుపు మే నెలకు గాలికి గడగడలాడుతుంది. పోయిన చెక్కను తిరిగి అతికించలేం. అసలు మూయలేని స్థితి అయితే తలుపు విప్పి, గుర్తు పెట్టిన చోట కొద్దికొద్దిగా, ఒక మిల్లీమీటరు మించకుండా తీసి బిగించి చూడాలి. పై అంచునో కింది అంచునో సాపు చేయాల్సి వస్తే రెండు కొనల నుంచి మధ్యకు చిత్రిక నడపాలి. కొన వైపు తోసేస్తే అక్కడి పీచు చీలి ముక్క ఊడుతుంది.

అంచులకు రక్షణ పూత వేయడం అసలు మందు. దాన్ని వేయాల్సిన చోటే సాధారణంగా వదిలేస్తుంటారు. తలుపు ముఖాల మీద రంగు నాలుగు పూతలు ఉంటుంది, పై అంచు, కింది అంచు మాత్రం పచ్చి కర్ర. తలుపు బిగించాక రంగు వేసే పెయింటరుకు కింది అంచు కనిపించదు, పై అంచు అందదు. అవే అతి ప్రమాదకరమైనవి. నిలువు పట్టీల కొనలు అక్కడ తెరుచుకుని ఉంటాయి. ఆ కొనల ద్వారా తేమ పొడవునా ప్రయాణిస్తుంది. పక్క నుంచి ఇంకడం కంటే ఇది పది రెట్లకు పైగా వేగం. అడ్డ పట్టీల కుసులు నిలువు పట్టీ గుండా బయటికి వచ్చిన చోట కూడా ఇలాంటి కొనలే కనిపిస్తాయి. తాళం కోసం తవ్విన గూడు లోపలి గోడలు, బందులు కూర్చునే పల్లాలు ఎప్పుడూ పూత చూడనివే. వీటికి తోడు ఇల్లు కడిగిన నీళ్ళు, శుక్రవారం గడప కడిగి పసుపు రాసేటప్పుడు నిలిచే తడి కింది అంచుకు తగులుతూనే ఉంటాయి. తలుపు అడుగున పూత ఉందో లేదో చూడాలంటే చిన్న అద్దం నేల మీద పెట్టి తలుపు కిందికి జరిపితే చాలు.

ఈ పని ఏప్రిల్, మే నెలల్లో, కర్ర బాగా ఎండి ఉన్నప్పుడు చేయాలి. వానల్లో వేస్తే లోపలి తేమ బయటికి దారిలేక పూతను బుడగలుగా లేపుతుంది. తలుపు కింద చెక్క చీలిక దూర్చి ఆనించి, ముందు కింది బందు, తర్వాత పై బందు విప్పి తలుపును రెండు బల్లల మీద పడుకోబెట్టాలి. అంచులను ఉప్పు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచాక, తెరిచిన కొనలకు మొదట టర్పెంటైన్‌తో పలుచన చేసిన వుడ్ ప్రైమర్ ఇవ్వాలి. పలుచగా ఉంటేనే అది లోపలికి ఇంకుతుంది. కొన తాగేసి మళ్ళీ పొడిగా కనిపిస్తే వెంటనే ఇంకోసారి రాయాలి. ఒక రోజు ఆరాక చిక్కటి ప్రైమర్, ఆ తర్వాత ఆయిల్ ఎనామిల్ రెండు పూతలు, పూతకూ పూతకూ మధ్య ఒక రోజు. తాళం గూడు, బందుల పల్లాలు, కుసి కొనలు ఏవీ వదలకూడదు. పాలిష్ తలుపులకు ఎనామిల్ బదులు వార్నిష్ లేదా పాలీయురిథేన్ అదే వరసలో వాడవచ్చు. మొత్తం ఆరు వైపులా పూత ఒకే మందాన ఉండడం ముఖ్యం. ఒక ముఖానికి నాలుగు పూతలు, వెనక ముఖానికి ఒకటి ఉంటే వెనక వైపు ఎక్కువ తేమ తాగి తలుపు వంగుతుంది. అప్పుడు అంచులో సందున్నా గడియ పడదు.

ఏ పూత ఎంత అడ్డుకుంటుందో అమెరికాలోని మాడిసన్‌లో ఉన్న ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లేబొరేటరీ దశాబ్దాల పాటు పరీక్షించింది. తేమగదిలో రెండు వారాలు ఉంచి చూస్తే అవిసె నూనె రాసిన చెక్క ఏమీ రాయని చెక్కతో దాదాపు సమానంగా తేమ తాగింది. కరిగించిన పారఫిన్ మైనంలో ముంచినది తొంభై శాతానికి పైగా అడ్డుకుంది. ఎనామిల్ రంగులు ఆ రెండింటి మధ్య నిలిచాయి. వాటిలోనూ ఒక పూతకూ రెండు మూడు పూతలకూ తేడా చాలా ఉంది. అంటే నూనె పట్టిస్తే సరిపోతుందని అనుకోవడం పొరపాటు. అది తడి చుక్కలను కొంత జారుస్తుంది, ఆవిరిని ఆపలేదు. ఇంకో విషయం, ఏ పూతైనా తేమను ఆలస్యం చేస్తుందే తప్ప పూర్తిగా ఆపదు. వారం పది రోజుల ముసురును చక్కటి పూత దాటించగలదు. మూడు నెలలు వరసగా గాలి తేమగా ఉంటే చెక్క ఎప్పటికో ఆ మట్టానికి చేరుకుంటుంది. అందుకే పూత ఉన్న తలుపుకూ సందు కావాలి, సందు ఉన్న తలుపుకూ పూత కావాలి.

కిటికీ రెక్కల విషయంలో లెక్క ఇంకాస్త బిగువు. రెండు రెక్కల కిటికీలో నాలుగు నిలువు పట్టీలు పక్కపక్కనే వస్తాయి. వెడల్పు తలుపు కంటే తక్కువైనా ఉబ్బే కర్ర దాదాపు అంతే. రెక్కలు బయటికి తెరుచుకుంటాయి గనుక నైరుతి వాన నేరుగా తగులుతుంది. పడమర, దక్షిణం వైపు కిటికీలే ముందుగా మొరాయిస్తాయి. అద్దం కింద బీడింగు దగ్గర నీరు నిలిచి కింది అడ్డ పట్టీలోకి దిగుతుంది. అక్కడ లప్పం పగిలితే రంగు పైన మెరుస్తున్నా కర్ర లోపల నానుతుంటుంది. గోరుతో నొక్కితే దిగేంత మెత్తబడిందంటే అది ఉబ్బు దాటి కుళ్ళు దశకు వచ్చినట్టే. అప్పుడు పూత పని చేయదు, ఆ ముక్క మార్చాల్సిందే.

ఈ మధ్య ఎక్కువగా పెడుతున్న ఫ్లష్ డోర్లు ఉబ్బే తీరు వేరు. సన్నని చెక్క పొరలను ఒకదానికొకటి అడ్డంగా అంటించడం వల్ల ఒక పొర కదలికను ఇంకో పొర పట్టుకుంటుంది. వెడల్పు పెద్దగా మారదు. వాటికి చేటు కింది అంచు నుంచే వస్తుంది. స్నానాల గది తలుపు అడుగున కోసి పొట్టి చేసి, ఆ కోతకు పూత వేయకుండా బిగిస్తే నీరు పొరల మధ్యకు ఎక్కి జిగురు విడిపోతుంది. కింద నాలుగంగుళాల మేర తలుపు లావెక్కి పొరలు విచ్చుకుంటాయి. ఈ ఉబ్బు ఎండాకాలంలోనూ తగ్గదు, చిత్రికతో తీస్తే పైపొర పోయి మరింత చెడుతుంది. కోసిన రోజే ఆ అంచుకు ప్రైమర్, రెండు పూతల ఎనామిల్ వేసి ఆరాక బిగిస్తే ఈ చేటు చాలావరకు తప్పుతుంది.